పసిపిల్లల ఎగ్జిమా: మాయిశ్చరైజర్ ఎప్పుడు, స్టెరాయిడ్ క్రీము ఎప్పుడు

ఎగ్జిమా ఉన్న పసిపాప చర్మం తేమను నిలుపుకోలేదు. మాయిశ్చరైజర్ ఆ లోటును పూడ్చుతుంది గాని, ఇప్పటికే ఎర్రబడిన మచ్చలోని వాపును తగ్గించలేదు. ఆ పని హైడ్రోకార్టిసోన్ 1 శాతం వంటి తేలికపాటి స్టెరాయిడ్ క్రీముది.

హనుమకొండలో బుగ్గలు, మోచేతి మడతలు ఎర్రబడిన ఎనిమిది నెలల పాపను తీసుకుందాం. గోరువెచ్చని నీటితో కొద్ది నిమిషాల స్నానం ముగిశాక, ఒంటిని తువ్వాలుతో రుద్దకుండా అద్ది, చెమ్మ ఆరకముందే సువాసన లేని మాయిశ్చరైజర్‌ను ఒళ్లంతా పూయాలి. మచ్చలు లేని రోజుల్లోనూ రెండు మూడు సార్లు పూయవలసిందే. వారానికి 100 గ్రాములకు పైగా పట్టడం సహజం.

స్టెరాయిడ్ కొలత వేరు. పెద్దవారి చూపుడువేలి కొస నుండి మొదటి గీత వరకు పిండిన క్రీము, అంటే సుమారు అర గ్రాము, వేళ్లతో సహా పెద్దవారి రెండు అరచేతులంత చర్మానికి సరిపోతుంది. మాయిశ్చరైజర్ పూసిన అరగంటకు, ఎర్రని చోట మాత్రమే, వైద్యులు చెప్పినన్ని రోజులు, రోజుకు ఒకటి రెండు సార్లు రాయాలి. భయంతో మరీ పలుచగా రాస్తే మచ్చ మానదు. నిజంగా భయపడవలసింది, చీటీ లేకుండా దుకాణంలో కొనే, క్లోబెటాసోల్ అనే చాలా ఘాటైన స్టెరాయిడ్ ఉన్న మిశ్రమ క్రీములకు; అవి పసిచర్మాన్ని పలుచబరుస్తాయి.

సున్నిపిండి నలుగు, సాంబ్రాణి పొగ, చలికాలపు ఉన్ని స్వెటర్ ఒంటికి తగలడం మానకపోతే, మానిన మచ్చ మళ్లీ రేగుతుంది. మచ్చపై పసుపుపచ్చని పక్కు కట్టినా, రసి కారినా, జ్వరం వచ్చినా అదే రోజు వైద్యునికి చూపించాలి.