బత్తాయి రసంలో విటమిన్ సి: బ్యూరెట్‌లో అయొడిన్ పోయాలా, అయొడేట్ పోయాలా?

రెండు పద్ధతుల్లోనూ విటమిన్ సి (ఆస్కార్బిక్ ఆమ్లం)తో తలపడేది అయొడినే. ఒక మోల్ ఆమ్లానికి ఒక మోల్ I2 ఖర్చవుతుంది. ఆమ్లం అయిపోయాక మిగిలిన తొలి చుక్క అయొడిన్ స్టార్చ్‌ని నీలంగా మారుస్తుంది. తేడా అయొడిన్ ఎక్కడి నుంచి వస్తుందన్న దాంట్లోనే ఉంది. మొదటి పద్ధతిలో తయారుగా ఉన్న అయొడిన్ ద్రావణాన్ని బ్యూరెట్‌లో పోస్తాం. రెండో దాంట్లో పొటాషియం అయొడేట్ పోస్తాం. ఫ్లాస్క్‌లోని అయొడైడ్, ఆమ్లంతో కలిసి అది అక్కడికక్కడే అయొడిన్‌ని పుట్టిస్తుంది:

KIO3 + 5KI + 6HCl → 3I2 + 6KCl + 3H2O

అయొడిన్ ద్రావణం చేయడం తేలికే. 1.3 గ్రాముల అయొడిన్‌ని, 2 గ్రాముల KIని కొద్దిపాటి నీళ్లలో కలిపి, పూర్తిగా కరిగాక లీటరుకు పెంచితే సుమారు 0.005 M వస్తుంది. చిక్కు ఆ "సుమారు"లోనే ఉంది. అయొడిన్ ఆవిరయ్యే పదార్థం. తూకం వేస్తుండగానే కొంత పోతుంది, సీసా మూత తీసిన ప్రతిసారీ ఇంకొంత పోతుంది. సీసా మీద 0.005 అని ఉండి, లోపల నిజంగా 0.0047 మాత్రమే మిగిలిందనుకుందాం. 100 మి.లీ.కి 45.4 మి.గ్రా. విటమిన్ ఉన్న రసం 48.3 మి.గ్రా. చూపిస్తుంది. రీడింగులు ఒకదానితో ఒకటి చక్కగా కలుస్తాయి కాబట్టి ఈ తప్పు పైకి కనబడదు. అందుకే అయొడిన్ వాడేవాళ్లు ఆ రోజుకు ఆ రోజు, శుద్ధమైన ఆస్కార్బిక్ ఆమ్లంతో గానీ, గాఢత తెలిసిన హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్‌తో గానీ సరిచూసుకోక తప్పదు.

అయొడేట్‌కి ఈ బాధ లేదు. 110 డిగ్రీల దగ్గర గంటసేపు ఆరబెట్టి, డెసికేటర్‌లో చల్లార్చి, 0.428 గ్రాములు లీటరుకు కరిగిస్తే కచ్చితంగా 0.002 M. తూకమే ప్రమాణం. మూత గట్టిగా బిగిస్తే వారాల తరబడి నిలుస్తుంది.

చేసే తీరు ఇది. బత్తాయి రసాన్ని పలుచని బట్టలో వడగట్టాలి, లేకపోతే గుజ్జు పిపెట్ మొనలో ఇరుక్కుంటుంది. 20 మి.లీ. రసానికి 150 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ కలపాలి. కుళాయి నీళ్లలో రాగి జాడ ఉంటే టైట్రేషన్ మొదలయ్యేలోపే గాలి విటమిన్‌ని తినేస్తుంది. తర్వాత 10 శాతం KI 5 మి.లీ., 1 M HCl 5 మి.లీ., 0.5 శాతం స్టార్చ్ 1 మి.లీ. వేసి వెంటనే టైట్రేట్ చేయాలి. చివరలో చుక్క పడ్డ చోట నీలం మెరిసి, ఫ్లాస్క్ తిప్పగానే పోతుంటుంది. అక్కడి నుంచి చుక్క చుక్కగా వదలాలి. తిప్పినా 30 సెకన్లు నీలం నిలిస్తే అదే ఎండ్ పాయింట్.

8.6 మి.లీ. పట్టిందనుకుందాం. ఒక మోల్ అయొడేట్ మూడు మోల్‌ల అయొడిన్‌ని ఇస్తుంది కాబట్టి 1 మి.లీ.కి 1.057 మి.గ్రా. విటమిన్ లెక్క. మొత్తం 9.09 మి.గ్రా., అంటే 100 మి.లీ.కి 45.4 మి.గ్రా.

అయొడేట్‌కీ ఒక బలహీనత ఉంది: KI, ఆమ్లం కలిపి ఊరికే ఉంచితే గాలి తగిలి దానంతటదే అయొడిన్ పుడుతుంది. అది ముందే విటమిన్‌ని తినేస్తే ఫలితం తగ్గుతుంది. రసం లేకుండా నీళ్లలో KI, ఆమ్లం, స్టార్చ్ మాత్రమే కలిపి చూడండి. అప్పుడే నీలం వస్తే మీ KI పాతబడిందన్నమాట, మార్చేయండి. అలాగే స్టార్చ్‌ని ముందు చన్నీళ్లలో జారుగా కలిపి, మరిగే నీళ్లలో పోసి, చల్లారాక వాడాలి. పాతబడ్డ స్టార్చ్ నీలానికి బదులు ఎర్రటి ఊదా రంగు ఇస్తుంది.

మూడో దారి కావాలనే ఎక్కువ అయొడిన్ కలిపి, మిగిలినదాన్ని హైపోతో వెనక్కి టైట్రేట్ చేయడం. విటమిన్ సి మాత్రలకు అది పనికొస్తుంది. రసానికి మాత్రం నాకు నచ్చదు. ఎక్కువైన అయొడిన్ కాసేపు నిలిచి ఉంటే రసంలోని నెమ్మదైన ఇతర పదార్థాలతోనూ కలిసి ఫలితాన్ని పెంచుతుంది. పైగా స్టార్చ్‌ని ద్రావణం లేత గడ్డి రంగుకు వచ్చాకే వేయాలి. ముందే వేస్తే స్టార్చ్ అయొడిన్‌ని గట్టిగా పట్టుకుని, ఆలస్యంగా వదులుతుంది.

కాబట్టి తాజా బత్తాయి, నిమ్మ, జామ రసాలకు అయొడేటే మేలు. ఒక్క పూటలో పదుల నమూనాలు చూడాలి, సరిచూసిన అయొడిన్ చేతిలో ఉంది అంటే అయొడిన్ చాలు. సల్ఫైట్ కలిపిన సీసా రసాల్లో మాత్రం రెండూ మోసపోతాయి. స్వేచ్ఛగా ఉన్న ఒక మి.గ్రా. సల్ఫర్ డయాక్సైడ్ 2.75 మి.గ్రా. విటమిన్‌లా కనిపిస్తుంది. లేబుల్ మీద INS 224, అంటే పొటాషియం మెటాబైసల్ఫైట్ ఉంటే ముందు 2 మి.లీ. అసిటోన్ కలిపి, ఐదు నిమిషాలు ఆగి చేయండి. అది సల్ఫైట్‌ని కట్టేస్తుంది. అయితే అసిటోన్ కూడా మెల్లగా అయొడిన్‌ని తింటుంది కాబట్టి, అక్కడ 30 సెకన్లు ఎదురుచూడకుండా తిప్పాక నిలిచిన తొలి నీలాన్నే రాసుకోవాలి.