పేరుకు ముందా, పేరుకు వెనకా: ఆహ్వానపత్రికల్లో ఏది మేలు?

కడపలో ఒక హైస్కూలు పూర్వ విద్యార్థులు తమ పాత హెడ్మాస్టరు గారికి సన్మానం పెట్టుకున్నారు అనుకుందాం. సభ బ్రౌన్ గ్రంథాలయంలో. ముఖ్య అతిథులుగా ఒక డాక్టరమ్మ, ఒక రిటైరైన కర్నల్, రెవెన్యూలో పనిచేసి దిగిపోయిన ఒక పెద్దమనిషి వస్తున్నారు. ప్రెస్సులో డీటీపీ కుర్రాడు కొట్టిన మొదటి ప్రూఫు ఇలా ఉంటుంది (పేర్లు ఉదాహరణకే):

శ్రీమతి డాక్టర్ కె. సుభద్ర ఎం.బి.బి.ఎస్., ఎం.డి. గారు
రిటైర్డ్ కర్నల్ శ్రీ ఎం. ప్రతాప్ గారు
మాజీ ఎమ్మార్వో శ్రీ జి. సుబ్బన్న గారు

మూడు వరుసల్లోనూ గౌరవం ఉంది, లోటు లేదు. ఇబ్బందల్లా ఏది ఎక్కడ పెట్టాలో తెలియక అన్నీ పేరు ముందుకే తోసెయ్యడం. నేను చూసుకునేది ఒకటే: ఆ మాట మనిషిదా, కుర్చీదా? మనిషి సంపాదించుకుని బతికినంతకాలం వెంట ఉంచుకునేదైతే పేరుకు ముందు. కుర్చీతో వచ్చి కుర్చీతో పోయేదైతే పేరు తర్వాత, వీలైతే కింది వరుసలో.

డాక్టర్ సంగతి ముందు చూద్దాం, ఎక్కువ తప్పులు అక్కడే దొర్లుతాయి. 'శ్రీమతి డాక్టర్', 'శ్రీ డాక్టర్' అని మన వైపు పత్రికల్లో తరచూ కనిపిస్తాయి. తప్పని ఎవరూ కొట్టెయ్యరు గానీ, ఉత్త 'డాక్టర్' మేలు. శ్రీ అనేది వేరే బిరుదు ఏదీ లేనివాళ్ళకు పెట్టే మర్యాద. డాక్టర్ అన్నాక ఆ మర్యాద అందులోనే వచ్చేసింది, చివర గారు ఎలాగూ ఉంది. స్త్రీల విషయంలో ఇంకో లాభం కూడా ఉంది. ఆవిడకు పెళ్ళయిందా లేదా అని ప్రెస్సువాడు, కమిటీవాళ్ళు వాకబు చేయాల్సిన పని తప్పుతుంది.

డిగ్రీలు కూడా అంతే. పేరు ముందు డాక్టర్ పెట్టి, వెనక ఎం.బి.బి.ఎస్., ఎం.డి. అని మళ్ళీ పెడితే చెప్పిందే రెండుసార్లు చెప్పినట్టు. పైగా 'ఎం.డి. గారు' అని చదివేటప్పుడు గౌరవం మనిషికి కాకుండా డిగ్రీకి అంటుకుంటుంది. ఆస్పత్రి బోర్డు మీద డిగ్రీలు కావాలి, రోగికి అవి అవసరం. ఆహ్వానపత్రికలో కావలసింది ఆమె ఎవరన్నది. అందుకని కింది వరుసలో 'చిన్నపిల్లల వైద్య నిపుణులు, కడప' అని వేస్తే చాలు. పీహెచ్‌డీ చేసిన డాక్టర్లకు ఈ రెండో వరుస ఇంకా ముఖ్యం. అనంతపురం యూనివర్సిటీలో తెలుగు చెప్పిన డాక్టర్ గారిని సభ అయ్యాక ఎవరో పక్కకు పిలిచి తమ బీపీ మాత్రల గురించి అడక్కుండా అదే కాపాడుతుంది.

దంపతులను పిలిచేటప్పుడు అసలు చిక్కు వస్తుంది. భర్త వ్యాపారి, భార్య డాక్టర్ అనుకోండి. కవరు మీద 'శ్రీమతి & శ్రీ కె. వెంకటరమణ గారికి' అని రాస్తే అతిథిగా రావలసిన ఆవిడ పేరే గల్లంతవుతుంది. 'డాక్టర్ & మిసెస్' అని రాస్తే వెంకటరమణ గారే డాక్టర్ అనుకుంటారు. రెండిటికన్నా మేలు, ఇద్దరి పేర్లూ విడివిడిగా రాయడం: 'డాక్టర్ కె. సుభద్ర గారు, శ్రీ కె. వెంకటరమణ గారు దంపతులకు'. చోటు కాస్త ఎక్కువ పడుతుంది. పట్టనివ్వండి. ఇద్దరూ డాక్టర్లయినా ఇద్దరికీ విడిగానే పెట్టాలి, ఒకరి బిరుదులో ఇంకొకర్ని కలిపెయ్యకూడదు.

ఇక రిటైరైనవాళ్ళు. వీళ్ళందరినీ ఒకే గాటన కట్టకూడదు. సైన్యంలో ఒక మాట ఉంది: హోదా రిటైర్ కాదు, మనిషి రిటైర్ అవుతాడు. అందుకే 'రిటైర్డ్ కర్నల్ ప్రతాప్' అనరు, 'కర్నల్ ఎం. ప్రతాప్ (రిటైర్డ్)' అంటారు. హోదా పేరుకు ముందు, రిటైర్డ్ అన్నది పేరు తర్వాత బ్రాకెట్లో. మధ్యలో శ్రీ అక్కర్లేదు, ఎందుకో డాక్టర్ దగ్గర చూశాం. తెలుగులో గారు ఎక్కడ పెట్టాలన్న సందేహం వస్తుంది. నేనైతే బ్రాకెట్టు తర్వాతే పెడతాను: 'కర్నల్ ఎం. ప్రతాప్ (రిటైర్డ్) గారు'. అప్పుడు 'గారికి', 'గారిచే' అని ఎలా మార్చినా వాక్యం చెడదు. మన పల్లెల్లో సుబేదార్ మేజరుగా చేసి, హానరరీ కెప్టెన్ హోదాతో ఇంటికొచ్చినవాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళకూ ఇదే పద్ధతి, కాకపోతే హానరరీ అన్న మాటను వదలకూడదు. అది లేకుండా రాస్తే గౌరవం పెంచామనుకుంటాం గానీ, ఆ తేడా తెలిసిన మాజీ సైనికుల ముందు ఆయన్ని ఇరుకున పెట్టినట్టవుతుంది.

రెవెన్యూ, పోలీసు, విద్యాశాఖ లాంటి సివిల్ ఉద్యోగాల్లో దారి వేరు. ఆర్డీవో, డీఎస్పీ, డీఈవో అన్నవి కుర్చీలు. దిగిపోయాక అవి పేరు ముందు ఉండకూడదు. 'శ్రీ జి. సుబ్బన్న గారు, విశ్రాంత ఎమ్మార్వో' అన్నది సరైన వరుస. మండల రెవెన్యూ అధికారులను ఇప్పుడు తహసీల్దార్లు అంటున్నారు కదా అని ఆయన హోదాను కొత్త పేరుకు మార్చకండి. దిగిపోయిన నాటికి ఏ పేరుతో పనిచేశారో అదే రాయాలి. ఐఏఎస్, ఐపీఎస్ వాళ్ళకు మాత్రం సర్వీసు పేరు మనిషి వెంటే ఉంటుంది, పేరు తర్వాత 'ఐ.ఏ.ఎస్. (రిటైర్డ్)' అని. వాళ్ళకు ముందు శ్రీ ఉండాలి.

మాజీ మేలా, విశ్రాంత మేలా అని చాలామంది అడుగుతారు. రెండూ ఒకటి కాదు. 'కర్నూలు మాజీ కలెక్టర్' అంటే ఒకప్పుడు కర్నూల్లో కలెక్టరుగా చేశారని మాత్రమే. ఆయన ఇప్పటికీ సచివాలయంలో ఇంకా పెద్ద కుర్చీలో ఉండొచ్చు. విశ్రాంత అంటే సర్వీసే ముగిసింది. ఎన్నికల్లో గెలిచినవాళ్ళకు మాజీయే వాడుక, విశ్రాంత ఎమ్మెల్యే అని ఎవరూ అనరు. వయసొచ్చి పెన్షను తీసుకుంటున్నవాళ్ళకు విశ్రాంత పద్ధతిగా ఉంటుంది. మాజీ అంటే ఎవరో తీసేశారేమో అన్న అనుమానం చెవికి తగులుతుంది, పెద్దవాళ్ళు దాన్ని పట్టించుకుంటారు.

జడ్జీల దగ్గర ఒక జాగ్రత్త. 'జస్టిస్' అన్నది హైకోర్టు, సుప్రీంకోర్టు న్యాయమూర్తులకే. రిటైరైనా అది పేరు ముందే ఉంటుంది. జిల్లా జడ్జిగా దిగినవారికి ప్రేమకొద్దీ జస్టిస్ తగిలిస్తే వారే మొహమాటపడతారు. 'శ్రీ ఫలానా గారు, విశ్రాంత జిల్లా న్యాయమూర్తి' అంటే చాలు.

ఇంతకీ సన్మానం హెడ్మాస్టరు గారికి. మన సీమలో ఆయన్ని పిలిచేటప్పుడు 'అయ్యవారూ' అంటాం, అందులో ఉన్న ఆప్యాయత ఏ అచ్చు మాటలోనూ రాదు. కానీ పత్రికలో వేసేటప్పుడు 'పూజ్యులు', 'గౌరవనీయులు' అన్న రెండిట్లో ఒకటి ఎంచుకోవాలి. గురువులకు, ఇంటి పెద్దలకు పూజ్యులు. అధికారికి, పరిచయం లేని పెద్దకు గౌరవనీయులు. కర్నల్ గారికి 'పూజ్యులైన' అని ఉత్తరం రాస్తే అతిగా ఉంటుంది, అయ్యవారికి 'గౌరవనీయులైన' అని రాస్తే శిష్యుడు రాసినట్టు ఉండదు, ఆఫీసు నుంచి వచ్చినట్టు ఉంటుంది. పాత ఉత్తరాల్లోని 'మ.రా.రా.శ్రీ' ఇప్పుడు అచ్చు వేస్తే నాటకం కరపత్రంలా కనిపిస్తుంది, వదిలెయ్యండి. 'వయోవృద్ధులు' అన్న మాట కూడా వద్దు. ఆయన వయసు ఆయనకు తెలుసు.

ఉత్తరం లోపల క్రియలు కూడా ఈ తేడాను మోయాలి. అయ్యవారికైతే 'మీరు వచ్చి మమ్మల్ని ఆశీర్వదించాలని కోరుతున్నాం' అనొచ్చు. తనకన్నా చిన్నవాళ్ళయిన కమిటీ వాళ్ళు ఆశీర్వాదం అడగడం సహజమే. అదే వాక్యం కర్నల్ గారికి వెళితే ఆయన వయసు అడిగినట్టుంటుంది. అక్కడ 'సభకు విచ్చేసి ప్రసంగించవలసిందిగా కోరుతున్నాం' మేలు.

కడప, కర్నూలు పట్టణాల్లో అతిథుల్లో ముస్లిం పెద్దలు లేని సభ అరుదు. 'శ్రీ ఖాదర్ బాషా గారు' అనా, 'జనాబ్ ఖాదర్ బాషా సాహెబ్' అనా? ప్రభుత్వ పత్రాల్లో అందరికీ శ్రీయే నడుస్తుంది, తప్పేం లేదు. పెద్దవాళ్ళకు జనాబ్ ఇంపుగా ఉంటుంది. 'జనాబ్ ఖాదర్ బాషా సాహెబ్ గారు' అని మూడూ వేస్తే మాత్రం బరువెక్కుతుంది, సాహెబ్ గానీ గారు గానీ ఒకటి చాలు. హజ్ చేసి వచ్చినవారైతే 'హాజీ' పేరు ముందే ఉంటుంది, అది మనిషి వెంట వచ్చినదే. ఇంట్లోవాళ్ళను ఫోనులో ఒక్క మాట అడిగితే ఏది ఇష్టమో చెప్పేస్తారు.

ఎవరికైనా పద్మశ్రీ వచ్చి ఉంటే? పేరు ముందు 'పద్మశ్రీ' అని పెద్దక్షరాల్లో వెయ్యాలని ప్రతి కమిటీకీ సరదా. అది వద్దు. రాజ్యాంగం 18వ అధికరణం సైనిక, విద్యా సంబంధమైన విశిష్టతలు తప్ప ప్రభుత్వం బిరుదులు ఇవ్వకూడదంటుంది. 1995లో బాలాజీ రాఘవన్ కేసులో సుప్రీంకోర్టు, పద్మ పురస్కారాలు బిరుదులు కావు కాబట్టే చెల్లుతాయని, వాటిని పేరుకు ముందుగానీ వెనకగానీ తగిలించుకోకూడదని చెప్పింది. ప్రభుత్వ నిబంధనలోనూ లెటర్‌హెడ్లు, ఆహ్వానపత్రికలు, పోస్టర్ల మీద అలా వెయ్యకూడదని ఉంది. డాక్టరేటు, కర్నల్ హోదా పేరు ముందుండడానికి అడ్డు లేదు, పద్మశ్రీకి ఉంది. ఆ సంగతి సభలో పరిచయం చేసేటప్పుడు నోటితో చెప్పుకోవచ్చు.

దిద్దాక ప్రూఫు ఇలా ఉంటుంది:

సన్మాన గ్రహీత: పూజ్య గురువులు శ్రీ పి. నాగయ్య గారు, విశ్రాంత ప్రధానోపాధ్యాయులు
ముఖ్య అతిథి: డాక్టర్ కె. సుభద్ర గారు, చిన్నపిల్లల వైద్య నిపుణులు
విశిష్ట అతిథి: కర్నల్ ఎం. ప్రతాప్ (రిటైర్డ్) గారు
సభాధ్యక్షులు: శ్రీ జి. సుబ్బన్న గారు, విశ్రాంత ఎమ్మార్వో

ప్రింటుకు ఇచ్చే ముందు ఒక్కసారి గట్టిగా చదివించండి, వేదిక మీద పిలిచే వ్యాఖ్యాతతోనే అయితే ఇంకా మంచిది. బ్రాకెట్టు దగ్గర ఆయన తడబడితే అక్కడ 'రిటైర్డ్' పలకనక్కర్లేదని అప్పుడే చెప్పేయొచ్చు. నోటితో పిలిచేటప్పుడు 'కర్నల్ ప్రతాప్ గారు' అంటే సరిపోతుంది.