సగం బిగించిన రేకులు, ముంచుకొస్తున్న తుఫాను: బిగించేయాలా, దించేయాలా?

బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట టీవీలో వినబడిందంటే చాలు, నా ఫోన్ మోగుతుంది. 2025 అక్టోబరులో మొంథా వచ్చే ముందు రెండు రోజులూ ఇదే ప్రశ్న. "పని సగంలో ఉంది. మిగతాది గబగబా బిగించేయమంటారా, బిగించినవి కూడా దించేయమంటారా, లేకపోతే ఇసుక బస్తాలు పెట్టి ఊరుకోమంటారా?" ఫోన్లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదిది. నేను ఈ పని నేర్చుకుంటున్న రోజుల్లో మా మావయ్య ఒక మధ్యాహ్నం పూట తేల్చిన లెక్క ఉంది. దాన్నే చెబుతాను.

2018 అక్టోబరు 10. ఉద్దానంలో ఒక ఇల్లు. తిత్లీ మర్నాడు తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140, 150 కిలోమీటర్లు. ఆ సంగతి ముందురోజు మధ్యాహ్నానికి మాకు తెలియదు. తీరానికి దగ్గరలో ఉన్నాం, రాత్రికి గాలి గట్టిగా ఉంటుంది అన్నంతవరకే తెలుసు. ఇంటి ముందు పాత వసారాను పొడిగిస్తున్నాం. పన్నెండు అడుగుల కలర్ రేకులు మొత్తం పది. దక్షిణం వైపు ఆరు రేకులు పాత స్తంభాల మీద ఉన్నాయి. ఉత్తరం వైపు నాలుగింటికి రెండు కొత్త పైపు స్తంభాలు. వాటి గుంతల్లో ముందురోజు సాయంత్రమే కాంక్రీటు పోశాం. ఆరు రేకులకు అడ్డ పైపుకి రెండేసి స్క్రూలు పడ్డాయి. నాలుగింటికి గోడ వైపు అంచున రెండే రెండు, జారిపోకుండా.

ఇంటాయన తొందర ఆయనది. "ఇంకెంత మేస్త్రీ, నాలుగే కదా, కొట్టేయండి." నాకూ అదే అనిపించింది. మిషన్ చేతిలో ఉంది, స్క్రూల డబ్బా నిండుగా ఉంది. మావయ్య మాత్రం కిందికి దిగి, కొత్త స్తంభాన్ని రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. గుంత అంచున కాంక్రీటు దగ్గర సన్నగా వెంట్రుకంత చీలిక కనబడింది. "ఏట్రా, ఇది కనబడలేదా నీకు?" అన్నాడు.

బిగించడమా, దించడమా అన్న పోలికలో నా దృష్టిలో అసలు విషయం అదే. రేకును స్క్రూ పైపుకి పట్టి ఉంచుతుంది. పైపును ఏది పట్టి ఉంచుతుంది? గాలి రేకును కిందికి నొక్కుతుందని చాలామంది అనుకుంటారు. వాలు తక్కువగా ఉన్న కప్పు మీద నుంచి గాలి దూసుకుపోతుంటే అది రేకును పైకి లాగుతుంది. ముందు వైపు తెరిచి ఉన్న వసారా అయితే కింద నుంచి కూడా తోస్తుంది. గంటకు 100 కిలోమీటర్ల గాలికి చదరపు మీటరుకు సుమారు 45 కిలోల లాగుడు ఉంటుంది. మా రేకు ఒక్కొక్కటి నాలుగు చదరపు మీటర్లకు కాస్త తక్కువ. అంటే రేకుకి దాదాపు 180 కిలోలు. గాలి వేగం ఒకటిన్నర రెట్లయితే లాగుడు రెండుంపావు రెట్లవుతుంది, రేకుకి 400 కిలోల దాకా. కప్పు మూలల్లో, చూరు అంచుల్లో ఇంకా ఎక్కువే. ఆ రేకు సొంత బరువు పట్టుమని ఇరవై కిలోలు లేదు.

ఇప్పుడు ఇంటాయన కోరినట్టు ఆ నాలుగు రేకులకూ పూర్తిగా స్క్రూలు కొట్టామనుకుందాం. ఒక్కో రేకుకి నాలుగు అడ్డ పైపులు, పైపుకి అయిదు స్క్రూలు, మొత్తం ఇరవై. 400 కిలోలు ఇరవై స్క్రూల మీద పడితే స్క్రూకి 20 కిలోలే. స్క్రూ తట్టుకుంటుంది, రేకూ తట్టుకుంటుంది. మరి నాలుగు రేకుల లాగుడు, అంటే టన్నున్నర, ఎక్కడికి పోతుంది? సగం గోడ మీద పడుతుంది. మిగతా సగం ఆ రెండు కొత్త స్తంభాల మీద, ఒక్కో గుంతకు మూడు నాలుగు వందల కిలోలు. ఒక్కరోజు వయసున్న కాంక్రీటుకి. అది పెకలివచ్చిందంటే రేకులు విడివిడిగా లేవవు. నాలుగూ, పైపులతో సహా, స్తంభాలు కాళ్లకి కట్టుకుని ఒక్కసారిగా లేస్తాయి. ఎంత గట్టిగా బిగిస్తే అంత పెద్ద గాలిపటం తయారు చేసినట్టు.

అందుకే "గబగబా బిగించేయండి" అన్న సలహా నాకు నచ్చదు. కింద స్తంభం పాతదై, పైపులు వెల్డింగ్‌తో అతుక్కుని ఉంటే, చేతిలో వేళ ఉంటే, బిగించడమే మేలు. అందులో అనుమానం లేదు. పాత స్తంభాల మీది ఆరు రేకుల విషయంలో మావయ్య చేసిందీ అదే.

ఇంకో చిక్కు కరెంటు. తుఫాను దగ్గరపడుతుంటే కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం, కొన్నిసార్లు జాగ్రత్త కోసం వాళ్లే తీసేస్తారు. ఇనుప పైపులోకి స్క్రూ దిగాలంటే మిషన్ తిరగాల్సిందే. చేతితో పానా పట్టుకుని తిప్పితే రంధ్రం పడదు, మొన అరుగుతుంది అంతే. ఊడదీయడానికి మాత్రం ఎనిమిది నంబరు పానా చాలు. చీకట్లో కూడా తిప్పొచ్చు. నేను ముందు నాలుగు రేకులూ దించేసి, తర్వాత తీరిగ్గా ఆరింటి సంగతి చూద్దామన్నాను. మావయ్య తిరగేశాడు. "కరెంటున్నప్పుడు కరెంటు పని చెయ్యరా అల్లుడా. పానా పని ఎటూ పోదు."

నేను రేకు మిట్టల మీద గుర్తులు పెట్టడం, ఆయన మిషన్ నొక్కడం. ఎక్కడ మొదలుపెట్టాడో గమనించండి. మధ్యలో కాదు, చూరు దగ్గరి పైపు మీద, ప్రతి మిట్టకీ ఒకటి. తర్వాత దక్షిణం కొసన ఉన్న రేకు. తర్వాత ఆరో రేకు ఉత్తరం అంచు. నాలుగు రేకులు దించేస్తే ఆ అంచే కొత్త కొస అవుతుంది, గాలి గోరు పెట్టేది అక్కడే. మధ్య పైపుల మీద మిట్ట విడిచి మిట్టకి చాలన్నాడు. నేను కంగారులో రెండు చోట్ల మరీ లోతుగా బిగించేశాను. రబ్బరు వాషర్ పిగిలి చుట్టూ బయటికి వచ్చింది, రేకు గుంట పడింది. అలాంటి చోట నీళ్లు దిగుతాయి, గాలికి రేకు చిరిగేదీ అక్కడే. మావయ్య వాటిని వదిలి, పక్కన కొత్తవి వేశాడు. వాషర్ కొంచెం ఒత్తుకుని ఆగాలి, అంతే.

యాభై నిమిషాలకి మిషన్ ఆగిపోయింది. చుట్టుపక్కల ఇళ్లలో ఫ్యాన్లు కూడా. మధ్య పైపు మీద రెండు రేకులకి ఇంకా స్క్రూలు పడలేదు. ఇక చెయ్యగలిగింది లేదు.

దించడం తేలికని చెప్పను. స్క్రూలు తీయడం రేకుకి నిమిషం, కింద పెట్టడమే అసలు ప్రమాదం. గంటకు 40 కిలోమీటర్ల గాలికే అంత రేకు మనిషిని ముప్పై కిలోల బలంతో తోసేస్తుంది. కప్పు అంచున నిలబడి ఉన్నవాడికి అది చాలు. కొలిచే యంత్రం ఎవరి దగ్గరా ఉండదు కాబట్టి నేను గుర్తు పెట్టుకున్నది ఒకటే: గొడుగు చేతిలో నిలవడం లేదంటే రేకు పట్టుకోకూడదు. మేం పైన ఉన్నప్పటికి కొబ్బరి మట్టలు ఊగుతున్నాయి కానీ ఇంకా వెనక్కి వస్తున్నాయి. రేకును బల్లపరుపుగా ఎప్పుడూ ఎత్తలేదు. అంచు గాలికి ఎదురుగా ఉండేలా నిలువుగా తిప్పి, ఒకరు పైనుంచి తాడుతో వదులుతుంటే ఒకరు కింద అందుకున్నాం. నాలుగో రేకు దించుతుండగా ఒక్క విసురు వచ్చింది. రేకు నా చేతిలో బాకా ఊదినట్టు మోగింది. "వదిలేయ్!" అని అరిచాడు మావయ్య. వదిలేశాను. తాడు కట్టి ఉంది కాబట్టి గోడకి కొట్టుకుని ఆగింది. ఒక మూల వంకరపోయింది, చెయ్యి మిగిలింది.

దించిన రేకుల్ని ఆరుబయట వదిలితే దించిన లాభమంతా పోతుంది, అవే ఎగిరి ఎవరి మీదో పడతాయి. ఇంటాయన గదిలో మంచం తీయించి నేల మీద పరిచాం. గది లేకపోతే గోడ వారగా ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి, తాడు బిగించి, పైన బస్తాలు.

ఇక బస్తాల సంగతి. కప్పు మీద బస్తాలు పెట్టడం మా ఊళ్లలో అందరూ చేస్తారు. పాతిక కిలోల బస్తాలు రేకుకి రెండు పెడితే యాభై కిలోలు. లాగుడు 180 నుంచి 400. నేల మీద పేర్చిన రేకుల మీద మాత్రం పనిచేస్తాయి, కింద గాలి దూరదు కాబట్టి. కప్పు మీద ఆ బస్తాలు రేకుతో పాటు కిందికి వచ్చే బరువు.

కప్పు మీదుగా తాళ్లు కట్టడం, వల కప్పడం పూరిళ్లకి బాగానే ఉంటుంది. రేకు అంచుకి తాడు ఒరుసుకుని తెగుతుంది.

గాలి వచ్చే వైపు మాత్రమే బిగిస్తే చాలదా అని కూడా అడుగుతారు. చాలదు. తుఫాను కన్ను దాటాక గాలి ఎదురు దిక్కు నుంచి తిరిగి వస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కన్ను మీదుగా పోయినప్పుడు విశాఖవాసులు ఆ మధ్య నిశ్శబ్దాన్ని చూశారు, తర్వాత వచ్చిందీ చూశారు.

ఆ రాత్రి మేం ఇంటాయన పడకగదిలోనే, రేకుల పక్కన పడుకున్నాం. నిద్ర ఎవరికీ లేదు. తెల్లారి చూస్తే కొబ్బరి చెట్లు వరసగా పడి ఉన్నాయి, ఉద్దానమంతా అదే దృశ్యం. ఆరు రేకులూ ఉన్నాయి. స్క్రూలు పడని మధ్య పైపు దగ్గర ఒక రేకు ఉబ్బి, మళ్లీ కిందికి దిగినట్టు ముడత పడింది. కొత్త స్తంభాలు రెండూ నిలబడే ఉన్నాయి, పైన పట్టుకోవడానికి గాలికి ఏమీ లేదు కదా. కానీ ఒకటి వేలెడంత పక్కకి వంగింది. మావయ్య దాన్ని కాలితో తన్ని చూసి, గుంత తవ్వించి మళ్లీ పోయించాడు. కరెంటు వచ్చాక వెళ్లి నాలుగు రేకులూ ఎక్కించాం. వంకరపోయిన మూలని చెక్క సుత్తితో సరిచేసి, గోడ వైపు తిప్పి వేశాం. ఇంటాయన గమనించలేదు.