యోగా క్లాసుకు వీక్లీ బుకింగ్: సీటు ఖాయం, క్రెడిట్ సంగతే చూసుకోవాలి

విజయనగరంలో మేం వెళ్లే యోగా స్టూడియో బుకింగులన్నీ ఒక యాప్‌లోనే. ఏడాది దాటి వాడుతున్నాను కాబట్టి మంచీ చెడూ రెండూ చెప్పగలను. యాప్ పేరు, స్టూడియో పేరు రాయడం లేదు. ఇలాంటి పద్ధతి చాలా చోట్ల ఒకేలా ఉంటుంది, కాబట్టి పేరు తెలియకపోయినా మీకు నష్టం లేదు.

మాది మంగళ, గురు, శనివారాల్లో ఉదయం 6 గంటల బ్యాచ్. హాల్లో 18 మ్యాట్‌లే పడతాయి. ఎండ ముదరకముందే ఇంటికి చేరాలని అందరికీ ఆ టైమే కావాలి. వీక్లీ బుకింగ్ పెట్టుకుంటే ప్రతి వారం ఆ మూడు క్లాసులూ దానంతట అదే బుక్ అవుతాయి, క్లాసుకో క్రెడిట్ చొప్పున తగ్గుతుంది. ఈ పని యాప్ బాగానే చేస్తుంది. యూపీఐ పేమెంటు, క్లాసు ముందు వచ్చే మెసేజీ కూడా ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు.

చూసుకోవాల్సింది పాస్ తేదీలు. నెల పాస్‌లో 12 క్రెడిట్లు ఉంటాయి, గడువు 30 రోజులు. వారానికి మూడు క్లాసుల లెక్కన 12 క్రెడిట్లు సరిగ్గా నాలుగు వారాల్లో, అంటే 28 రోజుల్లో అయిపోతాయి. మిగిలే ఆ రెండు రోజులే మనకున్న వెసులుబాటు. ఒక క్లాసు తప్పిపోతే దాన్ని మన బ్యాచ్‌లోనే భర్తీ చేసుకోవాలంటే ఆ రెండు రోజుల్లో మన క్లాసు ఒకటి పడాలి. పాస్ మంగళవారం మొదలైతే 29వ రోజు మళ్లీ మంగళవారమే, క్లాసు ఉంటుంది. ఆదివారం మొదలైతే మిగిలేవి ఆది, సోమవారాలు. ఆ రెండు రోజులూ మా బ్యాచే లేదు.

ఇంతకీ జనం పాస్ ఎప్పుడు కొంటారు? ఆదివారమే. పాత పాస్ శనివారం క్లాసుతో ఖాళీ అవుతుంది, ఆదివారం సాయంత్రం యాప్ నుంచి రెన్యువల్ మెసేజీ వస్తుంది. కొనకపోతే మంగళవారం సీటు పట్టి ఉంచదు, వెయిటింగ్‌లో ఉన్నవాళ్లకి ఇచ్చేస్తుంది. ఆ భయంతో మెసేజీ చూడగానే డబ్బు కట్టేస్తారు, గడువు ఆ రోజు నుంచే లెక్కలోకి వస్తుంది. నిజానికి పేమెంటుకు ముందు స్క్రీన్‌లో 'పాస్ మొదలయ్యే తేదీ' అని చిన్న అక్షరాల్లో ఒక గడి ఉంటుంది. అక్కడ 'మొదటి క్లాసు నుంచి' అని మార్చుకోవచ్చు. మామూలుగా అయితే అది 'ఈ రోజు' అనే ఉంటుంది. ఎందుకలా పెట్టారో నాకర్థం కాలేదు గానీ, దాని వల్ల లాభం మాత్రం మనది కాదు.

2025 దసరాలో ఈ తేడా బాగా బయటపడింది. సెప్టెంబర్ 14 ఆదివారం నేనూ, మా పక్కింటి వదినా ఇద్దరం పాస్ కొన్నాం. వదిన పాస్ ఆ రోజు నుంచే మొదలైంది, గడువు అక్టోబర్ 13. నాది 16వ తేదీ మంగళవారం నుంచి, గడువు అక్టోబర్ 15. అక్టోబర్ 2 గురువారం దసరా, స్టూడియోకి సెలవు. ఆ తర్వాతి మంగళవారం, 7వ తేదీ, పైడితల్లమ్మ సిరిమానోత్సవం. దసరా వెళ్లిన మంగళవారమే సిరిమాను తిరుగుతుంది కాబట్టి మంగళవారం బ్యాచ్ వాళ్లకి ఏటా ఒక క్లాసు పోవడం ఖాయం. ఆ రోజు మూడు లాంతర్ల నుంచి కోట దాకా అడుగు పెట్టే సందుండదు, క్లాసు పెట్టినా వచ్చేదెవరు?

స్టూడియో రద్దు చేసింది కాబట్టి రెండు క్రెడిట్లూ వెనక్కి వచ్చాయి. వచ్చినవి కొత్త గడువుతో రావు, ఏ పాస్ నుంచి వెళ్లాయో ఆ పాస్‌లోకే పాత గడువుతోనే వస్తాయి. 11వ తేదీ శనివారం క్లాసు అయ్యేసరికి ఇద్దరి దగ్గరా రెండేసి క్రెడిట్లు మిగిలాయి. నాకు 14వ తేదీ మంగళవారం క్లాసు ఉంది కాబట్టి ఒకటి అక్కడ వాడాను, రెండోది 15న బుధవారం సాయంత్రం బ్యాచ్‌లో. వదినకి 12 ఆదివారం, 13 సోమవారం మాత్రమే మిగిలాయి, ఆ రెండు రోజులూ మా బ్యాచ్ లేదు. పైగా హోమ్ స్క్రీన్‌లో 'క్రెడిట్లు: 2' అని కనిపిస్తుందే గానీ, అవి ఎప్పుడు పోతాయో అక్కడ ఉండదు. 'నా పాస్‌లు' అన్న పేజీ తెరిస్తేనే తేదీ కనిపిస్తుంది.

"ఇదేటి వదినా, క్లాసు ఆళ్లే మానేసి, క్రెడిట్ మనది పోతాదేటి?" అంది వదిన. సరైన ప్రశ్నే. రిసెప్షన్‌లో అమ్మాయిని అడిగితే మొదట "సిస్టమ్‌లో అంతే వస్తుంది మేడం" అంది. కానీ పాస్ గడువు తేదీని మార్చే వీలు వాళ్ల చేతిలో ఉంటుంది. గట్టిగా అడిగాక 20వ తేదీకి పొడిగించింది. గడువు ముగియక ముందే అడగడం వల్ల పని జరిగింది. ముగిశాక ఆ పాస్ మార్చడానికి వీల్లేకుండా పాత లిస్టులోకి వెళ్లిపోతుంది.

అయితే పొడిగించినంత మాత్రాన వీక్లీ బుకింగ్ మళ్లీ కదలదు. 13తో దాని పని అయిపోయిందనుకుంటుంది. వదిన 14, 16 తేదీల క్లాసులు విడిగా బుక్ చేసుకుని, కొత్త పాస్ 18వ తేదీ శనివారం నుంచి తీసుకుంది. పొడిగింపుకు ముందే కొత్త పాస్ కొని ఉంటే ఇంకో చిక్కు వచ్చేది. కొత్త పాస్‌తో పెట్టుకున్న వీక్లీ బుకింగ్ ఆ పాస్ నుంచే క్రెడిట్ తీస్తుంది, ముందుగా గడువు తీరే పాస్ పక్కన ఉన్నా దాని జోలికి పోదు. అలాంటప్పుడు ఆ ఒక్క క్లాసు రద్దు చేసి, మళ్లీ బుక్ చేసేటప్పుడు పాత పాస్ ఎంచుకోవాలి. బ్యాచ్ నిండి ఉంటే ఈ పని చెయ్యకండి, రద్దు చేసిన క్షణంలోనే సీటు వెయిటింగ్‌లో ఉన్నవాళ్లకి పోతుంది.

మనం రద్దు చేసుకోవడానికి 12 గంటల నిబంధన ఉంది. 6 గంటల క్లాసుకి ముందు రోజు సాయంత్రం 6 లోపు రద్దు చేయాలి. దాటితే క్రెడిట్ పోయినట్టే. రాత్రి పదింటికి పిల్లాడికి జ్వరం వచ్చిందంటే ఎవరూ ఏం చేయలేరు. ఈ నిబంధన మీద నాకు పేచీ లేదు, చివరి నిమిషంలో ఖాళీ అయిన మ్యాట్ ఎవరికీ ఉపయోగపడదు. స్టూడియో తనంతట తాను క్లాసు తీసేసినప్పుడు గడువు కూడా తనంతట తానే పెరగాలి కదా, అది జరగకపోవడమే నా అభ్యంతరం. ఒక మార్కు అందుకే తగ్గించాను, అయిదుకి నాలుగు.

సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లకి పాస్‌ని ఆపి ఉంచే ఫ్రీజ్ సదుపాయం కూడా ఉంది. కనీసం ఏడు రోజులు పెట్టాలి, పాస్‌కి ఒక్కసారే, అదీ వెళ్లకముందే. గడువు ఆ మేరకు పెరుగుతుంది. ఆ వారం సీట్లు మాత్రం వదిలేస్తుంది, తిరిగొచ్చాక వీక్లీ బుకింగ్ మనమే మళ్లీ పెట్టుకోవాలి. వదిన ఫ్రీజ్ పెట్టి పార్వతీపురం వెళ్లొచ్చేసరికి 6 గంటల బ్యాచ్ నిండిపోయింది, రెండు వారాలు 7 గంటల బ్యాచ్‌లోనే చేసింది.