తొమ్మిది దగ్గరే ఆగాలా, పదో మనిషిని పెట్టుకోవాలా: చిన్న కొట్టుకు ఏది మేలు?

గుంటూరులో స్వీట్ షాపు నడిపే ఒక పెద్దాయన జీతాల లెక్కలు నేనే చూస్తాను. ఒక మాస్టరు, ఎనిమిది మంది పనివాళ్లు ఉన్నారు. కౌంటర్ దగ్గర ఇంకో మనిషి కావాలని ఆరు నెలలుగా అనుకుంటున్నారు గానీ పెట్టుకోవడం లేదు. "పది దాటితే ఈఎస్ఐ, గ్రాట్యుటీ అన్నీ మీద పడతాయటగా, తొమ్మిదితోనే సర్దుకుందామా?" అని అడిగారు. "లేకపోతే వంటశాలను మా ఆవిడ పేరున వేరే సంస్థగా చూపిస్తే?" అన్నది రెండో ప్రశ్న. ఈ భయం చాలామంది వ్యాపారులకు ఉంది. అందుకే మూడు దారులనూ అంకెలు వేసి చూద్దాం.

ముందు ఒక అపోహ పోవాలి. పది లోపు ఉంటే ఏ చట్టమూ వర్తించదనుకోవడం తప్పు. కనీస వేతనం ఒక్క మనిషి ఉన్నా ఇవ్వాల్సిందే. పనిలో ప్రమాదం జరిగితే నష్టపరిహారం ఇవ్వాల్సింది కూడా యజమానే. పది అనే గీత దగ్గర మొదలయ్యేవి ముఖ్యంగా పనివాళ్ల వైద్యానికి, ప్రమాదాలకు బీమాగా ఉండే ఈఎస్ఐ, పని మానేసేటప్పుడు ఒకేసారి ఇచ్చే గ్రాట్యుటీ. మహిళలపై లైంగిక వేధింపుల ఫిర్యాదుల కోసం సంస్థలోనే కమిటీ వేయడం కూడా ఆ అంకెతోనే తప్పనిసరి అవుతుంది. పీఎఫ్, బోనస్ మాత్రం ఇరవై దగ్గర మొదలవుతాయి. 2025 నవంబరు 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఈ పది, ఇరవై గీతలు వాటిలోనూ అలాగే ఉన్నాయి.

ఇక లెక్క. మాస్టరు జీతం 30,000, మిగతా వాళ్లకు తలకు 15,000, అలవెన్సులేమీ లేకుండా అంతా వేతనమే అనుకుందాం. పదో మనిషి వస్తే ఈఎస్ఐకి యజమాని 3.25 శాతం కట్టాలి, అంటే తలకు 488 రూపాయలు. పనివాడి జీతంలోంచి 0.75 శాతం, అంటే 113 రూపాయలు తీయాలి. 21,000 దాటిన మాస్టరుకు ఈఎస్ఐ కట్టనక్కర్లేదు, కానీ తలల లెక్కలో ఆయనా ఉంటాడు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. మిగిలిన తొమ్మిది మందికి కలిపి కొట్టు మీద పడేది నెలకు 4,392 రూపాయలు. తర్వాతి నెల 15లోగా కట్టాలి.

అందరూ భయపడేది ఈఎస్ఐకే గానీ, పెద్ద ఖర్చు గ్రాట్యుటీది. చివరి నెల వేతనాన్ని 26తో భాగించి 15తో గుణిస్తే ఒక ఏడాది సర్వీసుకు ఎంతో వస్తుంది. 15,000 జీతానికి ఏడాదికి 8,654, మాస్టరుకు 17,308. అందరికీ కలిపి ఏడాదికి 95,000 పైచిలుకు, అంటే నెలకు దాదాపు 7,900. మామూలు ఉద్యోగికి ఐదేళ్లు నిండితేనే ఇది చెల్లించాలి. మరణిస్తే మాత్రం ఆ ఐదేళ్ల షరతు ఉండదు. మధ్యలో మానేసేవాళ్లు ఉంటారు కాబట్టి నిజానికి అయ్యేది ఇంతకంటే తక్కువే. అయినా దీనికోసం ముందునుంచే డబ్బు దాచిపెట్టేవాళ్లు అరుదు. సర్వీసు లెక్క చట్టం వర్తించిన రోజు నుంచి కాదు, పనివాడు చేరిన రోజు నుంచి. ఎనిమిదేళ్లుగా ఉన్న మాస్టరు రేపు మానేస్తే దాదాపు 1,38,000 ఇవ్వాలి.

అలాంటప్పుడు తొమ్మిది దగ్గరే ఆగడం మేలు కదా అంటారు. రెండు కారణాల వల్ల నేను ఒప్పుకోను. గ్రాట్యుటీ విషయంలో గడిచిన పన్నెండు నెలల్లో ఏదైనా ఒక్క రోజు పది మంది ఉన్నా చట్టం వర్తిస్తుంది. ఒకసారి వర్తించాక సంఖ్య తగ్గినా వదలదు. దీపావళికి ఇద్దరు కుర్రాళ్లను పెట్టుకోని స్వీట్ షాపు ఎక్కడుంది? జీతాల రిజిస్టరు తిరగేస్తే మా పెద్దాయన ఆ గీతను ఎప్పుడో దాటేశారు. తొమ్మిదిలోనే ఉన్నామనుకోవడం ఆయన భ్రమ.

రెండోది మరిగే నూనె. బాణలి దగ్గర ప్రమాదం జరిగి ముప్పై ఏళ్ల పనివాడు చనిపోయాడనుకుందాం. ఈఎస్ఐ లేకపోతే పరిహారం యజమానే ఇవ్వాలి: నెల వేతనంలో సగాన్ని, ఆ వయసుకు చట్టం పెట్టిన 207.98 అనే గుణకంతో హెచ్చవేయాలి. 7,500ను 207.98తో గుణిస్తే 15,59,850 రూపాయలు. ఆ కుటుంబానికి అది న్యాయంగా రావాల్సిన డబ్బు, కానీ ఈ కొట్టు దగ్గర అంత సొమ్ము లేదు. ఈఎస్ఐ ఉంటే ఆ కుటుంబానికి నెలనెలా ఈఎస్ఐ కార్పొరేషనే డబ్బు ఇస్తుంది, యజమాని మీద ఈ భారం పడదు. జబ్బు చేసి సెలవు పెడితే వేతనంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు వస్తుంది. ఇంటిల్లిపాదికీ వైద్యం ఉంటుంది. డిస్పెన్సరీలో రద్దీ ఉంటుందని పనివాళ్లు అంటారు, అది నిజమే. అయినా నెలకు 113 రూపాయలకు ఇంతకంటే మంచి రక్షణ బయట దొరకదు.

అందుకే తొమ్మిదితోనే నడిపించాలనుకునేవాళ్లకూ నేను చెప్పేది ఒకటే: యజమాని, పనివాళ్లలో ఎక్కువమంది ఒప్పుకుంటే పది లేకపోయినా స్వచ్ఛందంగా ఈఎస్ఐలో చేరవచ్చు. చేరండి. చేరకపోతే కనీసం పనిప్రమాదాల బీమా పాలసీ అయినా తీసుకోండి.

ఇక మూడో దారి, ఆవిడ పేరున వేరే సంస్థ. ఇది అన్నిటికంటే చెడ్డది. వంటశాల, కౌంటర్ రెండూ ఒకే చోట ఉండి, ఒకరే నడిపిస్తూ, డబ్బు ఒకే గల్లాపెట్టెలోకి వస్తూ, కుర్రాళ్లు అటూ ఇటూ మారుతుంటే అధికారులు రెంటినీ ఒకటిగానే లెక్కిస్తారు. ఏజెన్సీ నుంచి వచ్చే శుభ్రం చేసే మనిషి, జీతం తీసుకునే మేనల్లుడు కూడా లెక్కలోకి వస్తారు. యజమాని, భాగస్వామి మాత్రం రారు. అలా రెండేళ్లకు దొరికిపోయారనుకుందాం. దాటిపోయిన నెలల పనివాడి వాటాను ఇప్పుడు జీతంలోంచి కోయడానికి చట్టం ఒప్పుకోదు. కాబట్టి 4 శాతం మొత్తం కొట్టే కట్టాలి: తలకు 600 చొప్పున తొమ్మిది మందికి 24 నెలలకు 1,29,600. సక్రమంగా కట్టి ఉంటే 1,05,408తో పోయేది. దీని మీద ఏడాదికి 12 శాతం వడ్డీ, ఆపైన జరిమానా.

పదో మనిషిని పెట్టుకోమనే చెప్పాను. అసలు ఆగి ఆలోచించాల్సిన గీత ఇరవై. అక్కడ 15,000 వేతనం మీద పీఎఫ్‌కు యజమాని 12 శాతం, దాంతో పాటు బీమా, నిర్వహణ ఖర్చులు చెరో అర శాతం, మొత్తం తలకు 1,950. అంటే ఈఎస్ఐకి నాలుగింతలు. అలాంటి పనివాళ్లు పంతొమ్మిది మంది ఉంటే నెలకు 37,050. పనివాడి జీతంలోంచి కూడా 1,800 పోతుంది. చేతికి వచ్చే జీతం తగ్గిందని అలిగేవాళ్లు ఉంటారు, ముందుగానే కూర్చోబెట్టి వివరించాలి. ఏడాదికి కనీసం 8.33 శాతం బోనస్ కూడా ఇక్కడే మొదలవుతుంది. కొత్త సంస్థలకు మొదటి కొన్నేళ్లు లాభం వచ్చిన ఏడాదికే ఇవ్వాలనే వెసులుబాటు ఉంది. రెండో బ్రాంచి తెరిచే ఆలోచన ఉంటే, రెండు చోట్ల మనుషులనూ కలిపి లెక్కేస్తారని గుర్తుపెట్టుకుని స్వీట్ల ధరలోనే ఈ ఖర్చు కలుపుకోవాలి.

పెద్దాయన గత శుక్రవారం కౌంటర్ అమ్మాయిని పనిలోకి తీసుకున్నారు. మాస్టరు గ్రాట్యుటీ కోసం బ్యాంకులో నెలకు 3,000 వేయడం కూడా మొదలుపెట్టారు.