పాప మొదటి ఏడాది వీడియో: తేదీల అమరికను నమ్ముకున్న నా అనుభవం

మా పాప 2024 మే 14న పుట్టింది. ప్రతి నెలా 14వ తేదీ ఉదయం ఒకే జంపఖానా మీద ఒక ఫోటో, ఐదారు సెకన్ల క్లిప్పు తీసి, మొదటి పుట్టినరోజుకు వాటన్నింటినీ ఒక వీడియోగా కూర్చాలని అనుకున్నాము. అందుకోసం నేను వాడిన మొబైల్ ఎడిటింగ్ యాప్‌ను గతంలో చాలామంది బంధువులకు సిఫారసు చేశాను. కారణం ఒక్కటే. ఫోటోలు, క్లిప్పులు ఏ వరుసలో ఎంచుకున్నా, అవి తీసిన తేదీని బట్టి ఆ యాప్ తానే క్రమంలో పెట్టేది. నెలనెలా కొత్తవి చేర్చుకుంటూ పోయేవారికి ఇంతకన్నా పెద్ద సాయం లేదని అప్పుడు మనసారా అన్నాను. ఏడాదికి పైగా వాడిన తర్వాత ఆ మాటకు కొంత చేర్పు అవసరమని తోస్తున్నది.

మొదట ఒక చిన్న లోపం కనిపించింది. ఉదయం తొమ్మిదింటికి ఫోటో, మరో ఐదు నిమిషాలకు క్లిప్పు తీస్తే, వీడియోలో క్లిప్పే ముందు వచ్చేది. నా ఫోన్ ఫోటోలో మన గడియారం సమయాన్ని రాస్తుంది, వీడియో ఫైలులో మాత్రం అంతర్జాతీయ ప్రామాణిక సమయాన్ని, అంటే మనకన్నా ఐదున్నర గంటలు వెనుక ఉండే సమయాన్ని రాస్తుంది. యాప్ ఆ తేడాను లెక్కలోకి తీసుకోకపోవడంతో 9:05కు తీసిన క్లిప్పు దాని దృష్టిలో తెల్లవారుజామున 3:35 నాటిది. ప్రతి నెలా వేలితో జరిపి సరిచేసుకున్నాను కనుక దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

అసలు ఇబ్బంది తల్లిగారింటి ఫోటోల దగ్గర వచ్చింది. కాన్పు తర్వాత నా భార్య, పాప జగిత్యాలలో ఉండి, దసరా తర్వాత హనుమకొండకు వచ్చారు. కాబట్టి మొదటి నాలుగు నెలల ఫోటోలన్నీ మా మరదలు ఫోన్‌లో ఉండిపోయాయి. నేను అడిగితే ఆమె 2025 మార్చి 18న ఇరవై మూడు ఫోటోలు, క్లిప్పులు కలగలిపి వాట్సాప్‌లో పంపింది. వాట్సాప్‌లో ఫోటోగా పంపినప్పుడు అది చిన్నదిగా మారి వస్తుంది, తీసిన తేదీ దానిలో మిగలదు. ఫైలు పేరు `IMG-20250318-WA0014.jpg` అన్నట్టుగా ఉంటుంది. ఆ పేరులోని అంకెలు ఫోటో వాట్సాప్ ద్వారా చేరిన రోజువే తప్ప పాపను ఫోటో తీసిన రోజువి కావు. తీసిన తేదీ దొరకని ఫైలుకు ఈ యాప్ ఆ చేరిన తేదీనే వాడుకుంటుందని, వాడుకుంటున్నట్టు ఎక్కడా చెప్పదని అప్పటికి నాకు తెలియదు.

ఫలితంగా ఐదో నెల నుంచి పదో నెల వరకు సక్రమంగా సాగిన వీడియోలో, ఆ తర్వాత మొదటి నాలుగు నెలల పాప చిందరవందరగా వచ్చి, వెంటనే పదకొండో నెల మొదలైంది. ఏప్రిల్‌లో కొత్త ఫోటో చేర్చినప్పుడు నేను చివరి భాగాన్నే చూశాను, అది సరిగానే ఉంది. పుట్టినరోజుకు మూడు రోజుల ముందు రాత్రి మా అమ్మకు మొత్తం వేసి చూపిస్తే, ఆమె మధ్యలో ఆపించి, “ఇదేంది బిడ్డా, మంచిగ కూసున్న పిల్ల మళ్ల పండుకున్నదేంది?” అని అడిగింది. ఏడాది పాటు పోగుచేసిన పిల్ల ఎదుగుదల తలకిందులుగా కనిపించినప్పుడు నాకు కలిగిన బాధను ఇప్పటికీ మరచిపోలేదు.

అసలు ఫైళ్ల కోసం మరదలికి ఫోన్ చేశాను. ఆమె మధ్యలో ఫోన్ మార్చింది కనుక తొమ్మిదింటి అసలు కాపీలే మిగిలాయి. వాటిని ఫోటోగా కాకుండా ‘డాక్యుమెంట్’గా పంపించుకుంటే తేదీలతో సహా వచ్చాయి. మిగిలిన పద్నాలుగింటికి ఏ ఆధారమూ లేదు. అక్కడ మమ్మల్ని ఆదుకున్నది జంపఖానాయే. పాప పుట్టకముందే వరంగల్ కొత్తవాడలో కొన్న ఆ జంపఖానాను నా భార్య జగిత్యాలకు కూడా తీసుకువెళ్లింది. దాని మీద నాలుగు వేళ్ల వెడల్పున ఎరుపు, నీలం చారలు ఉన్నాయి. ప్రతిసారీ పాప తలను అంచున ఉన్న ఎర్ర చారకు ఆనించి పడుకోబెట్టే అలవాటు ఉండటం వల్ల, కాళ్లు చాపిన ఫోటోల్లో పాదాలు ఏ చార దాకా వచ్చాయో లెక్కపెట్టగలిగాము. తేదీ తెలిసిన ఫోటోలను కొలబద్దగా పెట్టుకుంటే, మొదటి నెలలో పాదాలు ఏడో చారను దాటలేదు, నాలుగో నెలకు ఎనిమిదో చార దాటాయి. ఈ లెక్కతో పది ఫోటోల నెల తేలింది. మిగిలిన నాలుగు క్లిప్పుల్లో పాప కాళ్లు ముడుచుకుని ఉంది కనుక చారలు పనికిరాలేదు. మెడ నిలిపిందా లేదా, తన చేతిని తానే చూసుకుంటున్నదా అన్నవి చూసి, నా భార్య జ్ఞాపకం మీద ఆధారపడి వాటిని సర్దాము.

యాప్‌లో పేరు ప్రకారం అమర్చే సదుపాయం లేదు. అందువల్ల మా తమ్ముడి లాప్‌టాప్‌లో ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత సాధనంతో ప్రతి ఫోటోలో సరైన తేదీని రాయించాను. మూడో నెల ఫోటోకు ఆదేశం ఇలా ఉంటుంది:

```
exiftool "-AllDates=2024:08:14 09:00:00" 03-1.jpg
```

పాత ఫైలును అది `_original` అన్న చేర్పుతో అలాగే ఉంచుతుంది కనుక పొరపాటు జరిగినా నష్టం లేదు. ఈ ఫోటోలను మళ్లీ చేర్చగానే యాప్ వాటిని సరైన చోట నిలిపింది. తేదీ సరిగా ఉన్నంతవరకు దాని అమరికలో తప్పు లేదన్నది నిజమే. తేదీ లేని ఫైలును వేరుగా చూపించి అడిగి ఉంటే మాకు ఆ మూడు రాత్రుల శ్రమ తప్పేది.

సంగీతం విషయంలో యాప్ ఇచ్చినవాటిని పక్కనపెట్టి, పాప అమ్మమ్మ పాడిన జోలపాటను ఫ్యాన్ ఆపి ఫోన్‌లో రికార్డు చేసి వాడాను. క్లిప్పులో మాట వినిపించగానే పాట దానంతటదే తగ్గే సదుపాయం ఇందులో ఉంది. పాప మొదటిసారి “తాత” అన్న చోట అది ఎంతో అందంగా కుదిరింది. అయితే ఏప్రిల్, మే నెలల క్లిప్పుల్లో కూలర్ హోరును కూడా అది మాటగానే భావించి, ఆ రెండు చోట్లా పాటను చివరి దాకా అణచివేసింది. ఆ క్లిప్పుల శబ్దాన్ని పూర్తిగా తీసివేసి, పాటను నేనే సరిచేసుకున్నాను.

పిల్ల పుట్టిన రోజు నుంచి ఒకే ఫోన్‌తో ఫోటోలు తీసేవారు ఈ యాప్‌ను నిస్సందేహంగా వాడుకోవచ్చు. మా వలె తల్లిగారింట్లో కొన్ని నెలలు, అత్తగారింట్లో కొన్ని నెలలు గడిచి, ఫోటోలు నలుగురి ఫోన్లలో ఉండే ఇళ్లలో మాత్రం, ప్రతి నెలా వాటిని డాక్యుమెంట్‌గా తెప్పించుకుని, చేర్చిన ప్రతిసారీ వీడియోను మొదటి నుంచి ఒకసారి చూసుకోగల తీరిక ఉంటేనే దీన్ని ఎంచుకోమని చెబుతాను. నేను రెండో ఏడాదికీ దీన్నే వాడుతున్నాను. ఇప్పుడు ఫోటోలన్నీ నా ఫోన్‌తోనే తీస్తున్నాము.