బాట్ మాటతీరు మార్చాలంటే ఏది మేలు: 4 వేల పాత చాట్‌లా, చేత్తో రాసిన 200 జవాబులా?

"బాట్‌ని ఫైన్‌ట్యూన్ చేసి మాట నేర్పాలంటే ఎన్ని ఎగ్జాంపుల్స్ కావాలన్నా" అని అందరూ అదే అడుగుతున్నారు, అందుకని మొన్న అనంతపురంలో ఒక డ్రిప్ పైపుల షాపుకి చేసిన పని చెప్తా. బాట్‌కి విషయం తెలుసు, మాటే బాగలేదు. రైతు "లాటరల్ చివర నీళ్లు రావట్లేదు" అంటే "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అనేది.

షాపోళ్ల వాట్సాప్‌లో 4 వేల పాత చాట్‌లు ఉండాయి, పేర్లూ నంబర్లూ తీసేసి ముందు అవే ట్రైనింగ్‌కి వేసినా. అక్కడే దెబ్బ తిన్నా. జవాబులిచ్చింది ముగ్గురు, ఒకాయన "చెప్పప్పా" అంటాడు, ఇంకొకామె "నమస్తే సార్" అంటుంది, మూడో ఆయన వట్టి "ఓకే". బాట్ ఒక్కో లైన్‌కి ఒక్కో మనిషిలా మాట్లాడింది. పైగా పని ఒత్తిడిలో వాళ్లు సగం జవాబులు "ఫోన్ చెయ్" అనే పెట్టుంటారు కదా, ఏమడిగినా అదే మొదలుపెట్టింది. ఇంకా ఘోరం, పాత రేట్లు ధైర్యంగా చెప్పింది.

తర్వాత 200 నేనే రాసినా. 2023లో మెటా పరిశోధకుల లిమా పేపర్‌లో కూడా ఏరి కూర్చిన 1,000 ఎగ్జాంపుల్స్‌తోనే 65 బిలియన్ల పారామీటర్ల మోడల్‌ని ట్యూన్ చేసినారు. ఒకటి ఇట్లుంటుంది:

```
{"messages":[
{"role":"user","content":"లైన్ చివర నీళ్లు రాలే"},
{"role":"assistant","content":"ముందు ఫిల్టర్ కడిగి చూడన్నా, తర్వాత ఎండ్ క్యాప్ తీసి ఒక నిమిషం నీళ్లు వదులు."}]}
```

మాట అద్దినట్టు వచ్చింది, కానీ ఇంకో తలనొప్పి. 200లో 40 పక్కన పెట్టి 160తో 5 ఎపోక్స్, అంటే అవే ఐదు సార్లు, తిప్పితే ట్రైనింగ్ లాస్, అంటే మోడల్ తప్పుల లెక్క, దిగుతానే ఉంది, పక్కన పెట్టిన 40 మీద మాత్రం రెండో ఎపోక్ తర్వాత ఎక్కడం మొదలైంది. నంబర్ చూడకున్నా తెలిసిపోతుంది, "షాపు ఎప్పుడు తెరుస్తారు" అంటే కూడా "ముందు ఫిల్టర్ కడిగి చూడన్నా" అంటాంది! ఆడోళ్లడిగినా అన్నానే. ఎపోక్స్ 2కి తగ్గిస్తే ఫిల్టర్ గోల చాలావరకు పోయింది, "అన్నా" పోలే, ఎందుకంటే అది ఓవర్‌ఫిట్, అంటే బట్టీ పట్టడం, కాదు, నేను 160లో 140 దాకా "అన్నా" అనే రాసినా. మోడల్ తప్పేముంది. ఆ జవాబులు తిరగరాసి, మూసుకుపోయిన పైపుల ప్రశ్నలు సగం తీసేసి, టైమింగ్సూ తిట్లూ "థాంక్స్" లాంటివి చేర్చినా.

ఒక జాగ్రత్త, ఒకే మనిషి చాట్‌లో సగం ట్రైనింగ్‌లో సగం టెస్ట్‌లో పడితే లాస్ బాగున్నట్టే కనిపిస్తుంది, కాబట్టి మనిషి లెక్కన విడగొట్టండి.

200ని వేరే మోడల్‌తో 2 వేలు చేయించొచ్చు గానీ యాస అంతా కడిగేస్తుంది, వద్దు. ప్రాంప్ట్‌లో నాలుగు జవాబులు చూపిస్తేనే మాట కుదిరితే ఇదంతా అక్కర్లే.

నా ఓటు చేత్తో రాసిన జవాబులకే. పాత చాట్‌లు పారేయలే, ప్రశ్నలు మాత్రం అక్కడినుంచే తెచ్చుకుంటున్నా, "నిల్లు రాలె" అని తప్పుగా టైప్ చేసుంటే తప్పుతోనే ఉంచుతున్నా. రేట్లు ఒక్కదాంట్లో కూడా పెట్టడంలే, అవి షాపు లిస్ట్‌లోంచి ప్రాంప్ట్‌లోకి పోతాయి.